లఘుచిత్రాల్లో టైటిల్స్ రూపకల్పన

సినిమా మొదట్లో చిత్రం పేరు, నటీనటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు తెరమీద పడే భాగాన్ని టైటిల్స్ లేదా టైటిల్ సీక్వెన్స్ అంటారు. రెండున్నర గంటల సినిమాకు ఇది ప్రవేశద్వారం మాత్రమే. పది, పదిహేను నిమిషాల లఘుచిత్రానికి మాత్రం ఇదే మొదటి సన్నివేశం. అలాంటి చిత్రంలో పాత్రలను తీరిగ్గా పరిచయం చేసే వ్యవధి ఉండదు. మొదటి మాట వినపడేసరికే ప్రేక్షకుడు ఆ ఇంటి వాతావరణంలోకి వచ్చి ఉండాలి. కుటుంబ కథలు, మనసుల మధ్య ఘర్షణలు చెప్పే గంభీరమైన లఘుచిత్రాల్లో ఈ పని ఎలా జరుగుతుంది, తెలుగు లిపిలో పేర్లు వేసేటప్పుడు వచ్చే ప్రత్యేక సమస్యలేమిటి అన్నది ఈ వ్యాస విషయం.

నేపథ్యం

టైటిల్స్‌ను కథలో భాగంగా చూడటం 1950లలో హాలీవుడ్‌లో స్థిరపడింది. ఒట్టో ప్రెమింజర్ తీసిన ‘ది మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్’ (1955) మత్తుమందుకు బానిసైన ఒక వ్యక్తి కథ. దానికి సాల్ బాస్ నల్లని తెరమీద తెల్లని పట్టీలను కదిలించి, చివరికి వాటిని వంకర తిరిగిన ఒక చేతిగా మార్చాడు. తారల ముఖాలు చూపలేదు, కథ చెప్పలేదు. ఆ చెయ్యి మాత్రం సినిమా అంతా వెంటాడే బాధను ముందే పరిచయం చేసింది.

లఘుచిత్రాలు తీసేవారికి ఇంతకంటే దగ్గరి పాఠాలు మరో మూడు ఉన్నాయి. రాబర్ట్ ముల్లిగన్ తీసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1962) టైటిల్స్‌ను స్టీఫెన్ ఫ్రాంక్‌ఫర్ట్ రూపొందించాడు. ఒక చిన్నపిల్ల తన పెట్టె తెరుస్తుంది. అందులో గోళీలు, రంగు క్రేయాన్లు, పాత జేబు గడియారం, బొమ్మలు ఉంటాయి. పాప తనలో తాను కూనిరాగం తీస్తుంది, కాగితం మీద పిట్ట బొమ్మ వేస్తుంది, చివరికి ఆ కాగితాన్ని చింపేస్తుంది. పెద్దల ప్రపంచంలోని అన్యాయాన్ని పిల్లల కళ్లతో చూడబోతున్నామన్న సంగతి ఒక్క మాట లేకుండానే అర్థమవుతుంది.

సత్యజిత్ రాయ్ ‘మహానగర్’ (1963) టైటిల్స్ కలకత్తా ట్రాము పైకప్పు మీద నడుస్తాయి. ట్రాము కడ్డీ పైనున్న విద్యుత్ తీగను ఒరుసుకుంటూ సాగుతుంటే పేర్లు పడతాయి. ఇల్లు దాటి ఉద్యోగానికి వెళ్లబోయే గృహిణి కథకు ఊరి రాపిడి అలా పరిచయమవుతుంది. ‘చారులత’ (1964)లో ఆయన ఇంకా దగ్గరికి జరిగాడు. రెండు చేతులు రుమాలు మీద ‘బి’ అనే ఆంగ్లాక్షరాన్ని కుడుతుంటాయి. అది చారు భర్త భూపతి పేరులోని మొదటి అక్షరం. పేర్లన్నీ ఆ కుట్టుపని మీదే పడతాయి. పొద్దుపోని ఒక స్త్రీ, ఆమె ధ్యాసంతా ఉన్న భర్త, ఆ ఇంట్లోని నిశ్శబ్దం అన్నీ ఆ రుమాలులోనే ఉన్నాయి.

ఈ మూడింటిలోనూ ఉన్నది ఒక్కటే పద్ధతి. కథలోని ఒక వస్తువును లేదా పనిని ఎంచుకుని, దానికి అతి దగ్గరగా వెళ్లడం. ఖరీదైన యానిమేషన్ అక్కర్లేని ఈ దారి లఘుచిత్రాల బడ్జెట్‌కూ సరిపోతుంది.

డేవిడ్ ఫించర్ ‘సెవెన్’ (1995) దీనికి మరో కోణం చూపింది. కైల్ కూపర్ దానికి చేత్తో గీరిన, వణికే అక్షరాలు వాడాడు. హంతకుడి నోటు పుస్తకాలు, సూదులు, దారాలు, కత్తిరింపులు చూపించాడు. ఆ చిత్రంలో టైటిల్స్ మొదటి క్షణం నుంచీ రావు, ఒక చిన్న ఘట్టం తర్వాత వస్తాయి. ఆ తర్వాత ఎందరో థ్రిల్లర్ తీసినా, కుటుంబ కథ తీసినా అవే గీతల అక్షరాలు వాడారు. ఆ అక్షరాలు ‘సెవెన్’కు నప్పింది అవి ఆ హంతకుడి చేతిరాతలా ఉన్నందువల్ల. మరో కథలో ఆ చెయ్యి ఎవరిదో తేలకపోతే అవి అలంకారంగానే మిగులుతాయి.

మొదట తేల్చుకోవలసింది

అక్షరాల రకం, రంగు, సంగీతం గురించి ఆలోచించే ముందు దర్శకుడు ఒక ప్రశ్నకు జవాబు రాసుకోవాలి. మొదటి డైలాగు వినేసరికి ప్రేక్షకుడికి ఏం తెలిసి ఉండాలి? జవాబు ఒక్క వాక్యంలో ఉండాలి. అది కథాసారం కాకూడదు. ‘తండ్రి చనిపోయాక కొడుకు తిరిగివస్తాడు’ అన్నది కథ. ‘ఈ ఇంట్లో చాలా రోజులుగా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు’ అన్నది స్థితి. టైటిల్స్ చెప్పవలసింది స్థితిని. కథను టైటిల్స్‌లోనే చెప్పేస్తే మొదటి సన్నివేశానికి పని ఉండదు.

ఆ వాక్యం దొరికాక దాన్ని మోయగల వస్తువును కథలోంచే వెతకాలి. వాన చినుకులు, ఎగిరే పక్షులు, పాత ఫొటోలు ఏ కథకైనా సరిపోతాయి, అందుకే ఏ కథ గురించీ ప్రత్యేకంగా ఏమీ చెప్పవు. ఎంచుకున్న వస్తువును తర్వాత ఏదో ఒక సన్నివేశంలో పాత్రలు ముట్టుకోవాలి. అప్పుడే టైటిల్స్‌కూ కథకూ ముడి పడుతుంది.

వ్యవధి, క్రమం

పదిహేను నిమిషాల చిత్రానికి ముప్పై నుంచి నలభై సెకన్ల టైటిల్స్ చాలు. అయిదారు నిమిషాల చిత్రానికి పేరొక్కటే వేసి, మిగతా పేర్లన్నీ చివరికి పంపడం మేలు. పేర్లను మొదట్లో అయిదారు కార్డులకు పరిమితం చేయాలి. నిర్మాణ సంస్థ, ప్రధాన నటులు, ఛాయాగ్రహణం, కూర్పు, సంగీతం, నిర్మాత, దర్శకుడు అన్నది సాధారణంగా కనిపించే వరస. దర్శకుడి పేరు చివర రావడం ఆనవాయితీ. కొందరు చిత్రం పేరును ఆ తర్వాత వేసి, అక్కడినుంచే మొదటి సన్నివేశంలోకి కట్ చేస్తారు. సహాయకులు, కృతజ్ఞతలు, ఇల్లు ఇచ్చినవారు, భోజనం పెట్టినవారు చివరి రోలింగ్ టైటిల్స్‌లో రావాలి. మొదట్లో పేరు వేస్తామని ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే ఆ సంగతి ఎడిటింగ్‌కు ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే పూర్తయిన సీక్వెన్స్‌లో చివరి రోజున ఒక కార్డు ఇరికించవలసి వస్తుంది, లయ అంతా చెడుతుంది.

ఒక కార్డు ఎంతసేపు ఉండాలో తెలుసుకోవడానికి తేలిక మార్గముంది. కార్డు మీద ఉన్నదంతా నింపాదిగా పైకి చదివి, దానికి ఒక సెకను కలపాలి. మామూలుగా మూడు, మూడున్నర సెకన్లు వస్తాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మూడు సెకన్లంటే 72 ఫ్రేములు. అందులో పేరు మెల్లగా తేలడానికి 12, మాయమవడానికి 12 ఫ్రేములు పోతే, పూర్తిగా కనిపించేది 48 ఫ్రేములు, అంటే రెండు సెకన్లే. ఆ పేర్లను రోజూ చూసే ఎడిటర్‌కు రెండు సెకన్లు కూడా ఎక్కువనిపిస్తాయి. అందుకే వ్యవధిని సినిమాతో సంబంధం లేని ఒకరికి చూపించి తేల్చుకోవాలి.

తెలుగు అక్షరంతో వచ్చే చిక్కులు

ఇంగ్లిషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. తెలుగులో గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఈ తేడా పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో తెలుగు విరిగిపోతుంది. ‘దర్శకత్వం’ అని టైపు చేసి చూస్తే ఈ లోపం వెంటనే బయటపడుతుంది. శకారం రేఫ కిందికి, వకారం తకారం కిందికి ఒత్తులుగా చేరితే సరిగ్గా ఉన్నట్టు. పొల్లులు విడివిడిగా నిలబడి, ఒత్తులు పక్కకు జరిగితే ఆ ప్రోగ్రాం తెలుగును కూర్చలేకపోతోందని అర్థం. ప్రోగ్రాము సెట్టింగుల్లో భారతీయ లిపులను కూర్చే టెక్స్ట్ ఇంజిన్ ఉంటే, దాన్ని ఎంచుకుంటే ఇది సరిపడుతుంది. అలాంటి సదుపాయం లేని ఎడిటింగ్ ప్రోగ్రాములు వాడేవారు ఇంక్‌స్కేప్ వంటి చోట పేర్లు సిద్ధం చేసుకుని, వెనుక రంగు లేని PNG బొమ్మగా తెచ్చుకోవచ్చు. బొమ్మగా మారాక ఒత్తు కదలదు. తప్పు దొర్లితే మాత్రం బొమ్మ మళ్లీ చేసుకోవాలి.

అక్షరాల మధ్య దూరం పెంచి పేర్లను విశాలంగా పరచడం ఇంగ్లిషు టైటిల్స్‌లో ఇష్టంగా వాడే పద్ధతి. తెలుగులో అదే చేస్తే చాలా ప్రోగ్రాముల్లో ఒత్తు తన అక్షరం నుంచి జారిపోతుంది, దీర్ఘం విడిపోతుంది. ఒక్కో అక్షరం విడిగా ఎగిరివచ్చే యానిమేషన్‌లోనూ ఇదే ప్రమాదం. ‘స్త్రీ’ అన్నది మనకు ఒకే అక్షరం, ప్రోగ్రాముకు ఆరు ముక్కలు. అక్షరాలను కదిలించక తప్పదనుకుంటే మాట మొత్తాన్ని కదిలించాలి, లేదా ఒక్కో పూర్తి అక్షరాన్ని విడి బొమ్మగా చేసుకోవాలి. వరసల మధ్య కూడా చోటు కావాలి. పై వరసలోని ఒత్తు కింది వరసలోని గుడికి తగలకుండా ఉండాలంటే, వరస ఎత్తు అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉండాలి.

పేర్లలో మరో చిన్న చిక్కుంది. ‘రాజ్‌కుమార్’ అని రాయబోతే కంప్యూటర్ దాన్ని ‘రాజ్కుమార్’గా కలిపేస్తుంది. జకారపొల్లు తర్వాత కంటికి కనిపించని ZWNJ అనే గుర్తును పెడితే ఆ రెండూ విడిగా నిలుస్తాయి. ఒక మనిషి పేరును తెరమీద సరిగ్గా రాయడం కనీస మర్యాద. కనుక ప్రతి ఒక్కరి చేతా వారి పేరు చూపించి సరే అనిపించుకోవడం ఈ పనిలో తప్పనిసరి మెట్టు.

ఫాంటు విషయంలో తెలుగువారికి ఇప్పుడు మంచి ఎంపికలే ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, మల్లన్న, మండలి, రామభద్ర వంటివి ఉచితంగా దొరుకుతాయి. బాపు చేతిరాత ఆధారంగా వచ్చిన ఫాంట్లు కూడా ప్రచారంలో ఉన్నాయి. కానీ ఆ రాత తెలుగువారి మనసుల్లో పెళ్లి శుభలేఖలతో, హాస్య కథలతో, బొమ్మల పుస్తకాలతో పెనవేసుకుపోయింది. అది తెరమీద కనబడగానే ప్రేక్షకుడు ఆత్మీయమైన నవ్వుకు సిద్ధపడతాడు. చావు, పంపకం, వెలితి చెప్పే కథకు ఆ అక్షరం దారి తప్పిస్తుంది. గంభీరమైన కథకు మందం సమానంగా ఉన్న నిరాడంబరమైన అక్షరం నప్పుతుంది.

తెర, పరిమాణం, రంగు

లఘుచిత్రాన్ని ఎక్కువమంది ఫోనులో చూస్తారు, కొందరు చిత్రోత్సవ ప్రదర్శనలో పెద్ద తెరమీద చూస్తారు. ఆ రెండింటికీ పేర్లు సరిపడాలి. అంచులు తెగిపోకుండా అక్షరాలను ఫ్రేములో మధ్య తొంభై శాతం లోపల ఉంచడం ఇప్పటి ప్రమాణం. 1920×1080 ఫ్రేములో అది ఇరుపక్కలా 96 పిక్సెళ్లు, పైనా కిందా 54 పిక్సెళ్లు వదలడం. ఫ్రేమును ఫోనులో పెట్టి, చెయ్యి చాపి చూసినప్పుడు ఒత్తులు చదవగలిగితే పరిమాణం సరిపోయినట్టే. ‘గ’ కింద ఉన్నది ‘ర’ వత్తో ‘ల’ వత్తో తేలకపోతే అక్షరం పెంచాలి.

రంగు విషయంలో గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది. అంతర్జాలంలో నడిచే వీడియో వెలుగునీడలను పూర్తి వివరంతోనూ, రంగును నిలువునా అడ్డంగా సగం వివరంతోనూ దాస్తుంది. అందువల్ల నల్లని తెరమీద సన్నని ఎర్ర అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. ఎడిటింగ్ బల్ల మీద బాగున్న అక్షరం అప్‌లోడ్ చేశాక చెదిరిపోవడానికి తరచుగా ఇదే కారణం. కాస్త మసకబారిన తెలుపు ఏ తెరమీదైనా నిలుస్తుంది. నిర్ణయం తీసుకునే ముందు పది సెకన్ల ముక్కను అప్‌లోడ్ చేసి ఫోనులో చూసుకోవాలి.

ఉదాహరణ: ‘వాటా’

ఈ సూత్రాలన్నీ ఒకచోట ఎలా కలుస్తాయో చూడటానికి ఒక కల్పిత చిత్రాన్ని తీసుకుందాం. పేరు ‘వాటా’, నిడివి పదిహేను నిమిషాలు. తల్లి పోయాక ఇద్దరు అన్నదమ్ములు ఆమె సామాను పంచుకోవడానికి పాత ఇంట్లో కలుస్తారు. మొదటి డైలాగుకు ముందు ప్రేక్షకుడికి తెలియవలసిన స్థితి: ‘ఈ ఇంట్లో ప్రతి వస్తువు మీదా ఎవరిదో పేరుంది’. దీన్ని మోయగల వస్తువు మన ఇళ్లలోనే ఉంది. ఇత్తడి, స్టీలు పాత్రలు కొన్నప్పుడు, కానుకగా ఇచ్చినప్పుడు వాటిమీద పేరు కొట్టించడం తెలుగు ఇళ్ల అలవాటు. చుక్కలు చుక్కలుగా పడిన ఆ అక్షరాలే ఈ చిత్రానికి టైటిల్స్.

మొత్తం 40 సెకన్లు, అంటే 960 ఫ్రేములు. మొదటి ఆరు సెకన్లు తెర నల్లగా ఉంటుంది. అటక మీంచి సామాను దింపుతున్న చప్పుడు వినిపిస్తుంది, నిర్మాణ సంస్థ పేరు పడుతుంది. తర్వాత ఏడు సెకన్లు ఇత్తడి బిందె. ఒక చెయ్యి దుమ్ము తుడుస్తుంటే తల్లి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా బయటపడుతుంది. ప్రధాన నటుల పేర్లు ఇక్కడ పడతాయి. మరో ఏడు సెకన్లు పెద్ద కొడుకు పేరున్న క్యారియర్, దాని మీద ఛాయాగ్రహణం కార్డు. ఆరు సెకన్లు చిన్న కొడుకు పేరున్న గ్లాసు, దాని మీద కూర్పు, ధ్వని. మళ్లీ ఏడు సెకన్లు ఒక పెద్ద పళ్లెం. దానిమీద అన్నదమ్ములిద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయి, రచన–దర్శకత్వం కార్డు ఇక్కడ వస్తుంది. చివరి ఏడు సెకన్లు అదే పళ్లెంలోని ఖాళీ భాగం మీద చుక్కల అక్షరాలతో ‘వాటా’.

ఇందులో వెంటనే ఎదురయ్యే లోపం ఒకటుంది. పాత్ర మీద ఉన్న పేరు కథలోని మనిషిది, తెరమీద పడే పేరు నటుడిది. రెండూ ఒకేసారి కనిపిస్తే చూసేవారికి ఏది ఎవరిదో తెలియదు. సీక్వెన్స్ చూసిన వ్యక్తిని ‘బిందె మీద ఎవరి పేరుంది?’ అని అడిగినప్పుడు నటి పేరు చెబితే లోపం ఉన్నట్టే. దీన్ని సరిచేయడానికి కాలాన్ని విడదీయాలి. ఏడు సెకన్ల షాటులో మొదటి రెండున్నర సెకన్లు చెక్కిన పేరుకే వదలాలి. తర్వాత మూడున్నర సెకన్లు టైటిల్ కార్డు, చివర ఒక సెకను కార్డు లేని పాత్ర. ఆరు సెకన్ల గ్లాసు షాటులో చెక్కిన పేరు చిన్నది కనుక దానికి ఒకటిన్నర సెకను చాలు. పైగా టైటిల్ కార్డులు ఎప్పుడూ ఒకే మూల, కదలకుండా, మామూలు అచ్చు అక్షరంలో ఉండాలి. చుక్కల అక్షరం చిత్రం పేరొక్కదానికే దక్కాలి.

చుక్కల అక్షరాన్ని కంప్యూటర్లో తయారుచేయడం కన్నా పాత్రల దుకాణంలో పేర్లు చెక్కే మనిషి చేత పళ్లెం మీద చెక్కించి చిత్రీకరించడం మేలు. ఆ చేతిలో ఉండే చిన్న ఎగుడుదిగుళ్లు ఏ ఫాంటులోనూ ఉండవు. అయితే ‘వా’ విషయంలో జాగ్రత్త కావాలి. చుక్కల మధ్య ఖాళీ ఎక్కువైతే వకారంలో మూసుకోవలసిన వంపు తెరుచుకున్నట్టు కనబడి, ఫోను తెరమీద అది ‘పాటా’ అయి కూర్చుంటుంది. చుక్కలు దగ్గరగా కొట్టించాలి, అక్షరాన్ని ఫ్రేములో మూడోవంతు వెడల్పుకు తగ్గకుండా చూపాలి.

లోహాన్ని చిత్రీకరించడంలో అసలు శత్రువు ప్రతిబింబం. నీటి మీద, అద్దం మీద మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టరు నున్నటి లోహం మీద దాదాపు పనిచేయదు. అందుకే కెమెరా ముందు లెన్సు పట్టేంత రంధ్రం చేసిన నల్లగుడ్డ కట్టి, పాత్ర చుట్టూ తెల్లని థర్మోకోల్ పలకలు నిలబెట్టాలి. పాత్రలో కనబడేది ఆ తెలుపు, ఆ నలుపే అవుతాయి. లైటును ఒక పక్కనుంచి, పాత్ర ఉపరితలాన్ని ఒరుసుకునేంత వాలుగా పెడితే ప్రతి చుక్క గుంటలోనూ నీడ నిలిచి అక్షరం చదవగలిగేలా అవుతుంది. ఎదురుగా పెట్టిన లైటులో అక్షరాలు మాయమవుతాయి.

శబ్దం విషయంలో ఈ చిత్రానికి సంగీతం వద్దనడమే సరైన నిర్ణయం. వీణో వేణువో మొదలవగానే ప్రేక్షకుడికి ‘ఇక్కడ బాధపడాలి’ అని ఆదేశం అందుతుంది. ఇద్దరు అన్నదమ్ములు ఎలా ప్రవర్తిస్తారో తెలియకముందే తీర్పు చెప్పినట్టవుతుంది. ఇత్తడి, స్టీలు చప్పుళ్లకు వాటి స్థాయి వాటికుంది. బిందె మంద్రంగా, గ్లాసు తారంగా పలుకుతుంది. పళ్లెం నేలమీద పెట్టిన మోత చిత్రం పేరు కింద క్రమంగా ఆరిపోవాలి. తర్వాత రెండు సెకన్ల నిశ్శబ్దం, ఆపైన ‘ఇది ఎవరు తీసుకుంటారు?’ అన్న మొదటి మాట. అది ఏ పళ్లెమో, దాన్ని ఎందుకు పంచలేరో అప్పటికే ప్రేక్షకుడికి తెలుసు.

సరిచూసుకోవడం

పూర్తయిన సీక్వెన్స్‌ను మూడు విధాలుగా పరీక్షించాలి. మొదట శబ్దం తీసేసి చూడాలి, చిత్రం ఒంటరిగా నిలవాలి. తర్వాత తెర ఆపి వినాలి, శబ్దం ఒక చోటును స్ఫురింపజేయాలి. చివరగా, పేర్లన్నీ తీసేసి మొదటి సన్నివేశంతో కలిపి చూడాలి. పేర్లు లేకపోయినా ఆ నలభై సెకన్లు కథకు అవసరమనిపిస్తే టైటిల్స్ సరిగ్గా కుదిరినట్టు. అవి లేకుండానే మొదటి సన్నివేశం అంతే బలంగా నడిస్తే వాటిని తీసేసి, నల్ల తెరమీద చిత్రం పేరును నాలుగు సెకన్లు చూపి కథలోకి వెళ్లడమే ఆ చిత్రానికి మేలు.